412 మాటల అబ్‌స్ట్రాక్ట్‌ని 250కి దించేటప్పుడు ఏది పోవాలి, ఏది ఉండాలి

ప్రశ్న: నేను అనస్థీషియా ఫైనల్ ఇయర్ పీజీని. థీసిస్ ట్రయల్‌ని జర్నల్‌కి పంపుతున్నాను. అబ్‌స్ట్రాక్ట్ 250 మాటలు దాటకూడదట, నాది 412 వచ్చింది. గైడ్ ఒకసారి మెథడ్స్ కోసెయ్ అంటారు, ఒకసారి రిజల్ట్స్ తగ్గించు అంటారు. పైగా ప్రైమరీ అవుట్‌కమ్ సిగ్నిఫికెంట్ రాలేదు, ఒక సెకండరీ మాత్రం వచ్చింది. ముందు ఏది రాయాలి? సీనియర్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు:

నాదీ అనస్థీషియానే, పీజీలో నా కథా ఇంచుమించు ఇదే. సిజేరియన్‌కి స్పైనల్ ఇచ్చాక బీపీ పడిపోతుంది కదా, ఐదు నిమిషాల ముందు 4 మి.గ్రా. ఓండన్‌సెట్రాన్ ఇస్తే అది తగ్గుతుందా అని చూశాం. కింద ఇచ్చే అంకెలు నేను మార్చినవి, లెక్క చూపించడానికి మాత్రమే. ఎక్కడా కోట్ చేయకండి.

నా మొదటి డ్రాఫ్ట్ మీ దానికంటే పొడవు. ముందు విశేషణాలన్నీ పీకేశాను, తర్వాత రెండేసి వాక్యాలు కలిపి ఒకటి చేశాను. అలా రెండు రాత్రులు కూర్చుంటే 380 దగ్గర ఆగింది. ఇక కోయడానికి ఏమీ లేదనిపించి రిజల్ట్స్‌లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ తీసేశాను. మా గైడ్ అది చూసి, "ఇల్లు చిన్నదని బీరువా ఉంచుకుని మనుషుల్ని బయటికి పంపావా?" అన్నారు. కోయడం ఆపి ఖాళీ పేజీ మీద మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మీకూ అదే చెబుతాను. ఆ 412 మాటల ఫైల్ మూసెయ్యండి.

ఖాళీ పేజీ మీద మొట్టమొదట ప్రైమరీ అవుట్‌కమ్ ఫలితం రాయండి. మా ట్రయల్‌లో అది ఇలా వచ్చింది:

```
25/60 (41.7%) vs 33/60 (55.0%); RR 0.76 (95% CI 0.52 to 1.10)
```

స్పేసుల్ని బట్టి లెక్కపెడితే ఇది పన్నెండు మాటలు. ముందు "ఓండన్‌సెట్రాన్ గ్రూపులో బీపీ పడినవాళ్ళు, సెలైన్ గ్రూపులో పడినవాళ్ళు" అనే భాగం చేర్చినా ఇంగ్లీషులో పాతిక మాటలకి మించదు. ఈ ఒక్క వాక్యంలో రెండు గ్రూపుల అసలు సంఖ్యలు, తేడా ఎంత, ఆ తేడా ఎంత గట్టిది అన్న మూడూ ఉన్నాయి. నా పాత డ్రాఫ్ట్‌లో దీని బదులు "రెండు గ్రూపుల మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు (p=0.14)" అని ఉండేది. అది చదివినవాళ్ళకి మందు పనిచేయలేదని అర్థమవుతుంది. ఇంటర్వెల్ చూస్తే కథ వేరు. బీపీ పడే రిస్కుని ఆ మందు దాదాపు సగానికి తగ్గించి ఉండొచ్చు, పదోవంతు పెంచి కూడా ఉండొచ్చు, మా 120 మందితో తేలలేదు. "లేదు" అనడానికీ "తేలలేదు" అనడానికీ ఉన్న తేడాని ఆ 0.52, 1.10 మోస్తున్నాయి. అందుకే వాటిని కోయకూడదు.

రెండో వాక్యం ఎంతమంది అన్నది. ఇక్కడ చాలామంది ఒకే సంఖ్య రాసి వదిలేస్తారు. ర్యాండమైజ్ చేసినవాళ్ళు ఎందరు, చివరికి ఎనలైజ్ చేసినవాళ్ళు ఎందరు అని రెండూ కావాలి. మా దాంట్లో 124 మందిని ర్యాండమైజ్ చేశాం, నలుగురికి స్పైనల్ సరిగా పట్టక జీఏకి మార్చాల్సి వచ్చింది, లెక్కలోకి వచ్చింది 120. ఈ నలుగురి సంగతి చెప్పకపోతే "మీది ఇంటెన్షన్ టు ట్రీటేనా?" అని రివ్యూయర్ అడుగుతాడు. నిజానికి అలా తీసేస్తే కచ్చితమైన ఐటీటీ కాదు, కాబట్టి ఆ మాట అబ్‌స్ట్రాక్ట్‌లో వాడకండి. "నలుగురు జీఏకి మారారు" అని చెబితే చదివేవాళ్ళే అర్థం చేసుకుంటారు.

మూడోది దుష్ప్రభావాలు. కాన్సార్ట్ వాళ్ళు 2008లో అబ్‌స్ట్రాక్ట్‌ల కోసం విడిగా ఒక చెక్‌లిస్ట్ ఇచ్చారు, అందులో ఇది తప్పనిసరిగా ఉంటుంది, మనవాళ్ళు తప్పనిసరిగా మర్చిపోతారు. మేం తలనొప్పి నమోదు చేశాం, కాబట్టి "తలనొప్పి: 5, 4" అని రాశాం. ఏమీ జరగకపోయినా జరగలేదని రాయాలి. అసలు చూడనే లేదంటే మాత్రం "ఏమీ లేవు" అని రాయకండి, అది అబద్ధం అవుతుంది.

రిజల్ట్స్ ఇలా పూర్తయ్యాక చూసుకుంటే నాకు తొంభై మాటలు పట్టాయి. మిగిలిన 160లో మెథడ్స్‌కి తొంభై, బ్యాక్‌గ్రౌండ్‌కి ముప్పై, ముగింపుకి ముప్పై, రిజిస్ట్రేషన్‌కీ ఇతరత్రాకీ మిగతా పది. ఇది రూలేం కాదు, నాకు కుదిరిన పంపకం.

బ్యాక్‌గ్రౌండ్ నాకు మొదట 74 మాటలుండేది. స్పైనల్ వల్ల బీపీ పడటం ఎంత సాధారణమో, తల్లికీ బిడ్డకీ ఎలాంటి ఇబ్బందో, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారో, ఓండన్‌సెట్రాన్ ఏ రిసెప్టర్ మీద పనిచేస్తుందో అంతా ఉంది. ఆ పేపర్ తెరిచేది అనస్థటిస్టులే, వాళ్ళకి ఇవన్నీ తెలుసు. రెండు వాక్యాలు మిగిల్చాను: ఈ మందు ఉపయోగంపై ఏకాభిప్రాయం లేదు, సిజేరియన్‌లో సెలైన్‌తో పోల్చి చూశాం. మీ 412లో ఎక్కువ కొవ్వు ఇక్కడే ఉంటుందని నా అనుమానం.

మెథడ్స్ మాత్రం జాగ్రత్త. అది కోసెయ్యమన్న మీ గైడ్ మాట సగమే వినండి. సిరంజి ఎక్కడ కొన్నారు, ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎనాలిసిస్ చేశారు, ఏ టెస్ట్ వాడారు, ఎథిక్స్ కమిటీ అనుమతి, కన్సెంట్, ఇవన్నీ పూర్తి పేపర్లో ఉంటాయి, ఇక్కడ అక్కర్లేదు (జర్నల్ ప్రత్యేకంగా అడిగితే తప్ప). ఉండాల్సినవి: ఎవరిని తీసుకున్నారు, ఎక్కడ, ఏం ఇచ్చారు, దేంతో పోల్చారు, ప్రైమరీ అవుట్‌కమ్ ఏంటి, ర్యాండమైజేషన్ ఎలా, ఎవరికి తెలియకుండా ఉంచారు. చివరి రెండింటి దగ్గర ఒక మాట. "డబుల్ బ్లైండ్" అని రాస్తే రెండు మాటల్లో అయిపోతుంది గానీ ఎవరికి తెలియదో చెప్పదు. మా దగ్గర మందు కలిపింది ఓటీలో లేని ఒక నర్సు, రెండూ ఒకేలాంటి 5 మి.లీ. సిరంజిల్లో వచ్చేవి, బీపీ రాసే డాక్టర్‌కీ పేషెంట్‌కీ తెలియదు. "పేషెంట్లకీ, బీపీ నమోదు చేసినవాళ్ళకీ తెలియదు" అని రాశాం, ఇంగ్లీషులో ఆరేడు మాటలు. అవుట్‌కమ్ నిర్వచనం కూడా వదలకండి: సిస్టాలిక్ మొదటి విలువ నుంచి 20 శాతానికి మించి తగ్గితే బీపీ పడినట్టు లెక్క అన్నాం. ఇది లేకపోతే పైన ఉన్న 25, 33 దేని లెక్కో తెలియదు.

ఇక మీ అసలు భయం, సిగ్నిఫికెంట్ రాని ప్రైమరీ. మాకూ అంతే. వికారం మాత్రం 8 మందికీ 18 మందికీ వచ్చింది, p 0.03. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముగింపులో "ఓండన్‌సెట్రాన్ స్పైనల్ తర్వాత తల్లుల వికారాన్ని సమర్థంగా తగ్గిస్తుంది" అని మొదటి వాక్యంగా రాసేశాను. చదవడానికి చక్కగా ఉంది, తప్పుగా కూడా ఉంది. ట్రయల్ అడిగిన ప్రశ్న బీపీ గురించి, శాంపిల్ సైజు లెక్క కట్టింది దాని కోసం. దానికి జవాబు చెప్పకుండా పక్కదాన్ని ముందుకు తోస్తే దాన్నే స్పిన్ అంటారు. 2010లో జామాలో ఒక పరిశీలన వచ్చింది. ప్రైమరీ అవుట్‌కమ్ సిగ్నిఫికెంట్ రాని 72 ట్రయల్స్ తీసుకుని చూస్తే 58 శాతం అబ్‌స్ట్రాక్ట్‌ల ముగింపుల్లో ఈ స్పిన్ కనిపించింది. అంటే మనకి తోడు చాలామంది ఉన్నారు, అయినా రివ్యూయర్‌కి ఇది మొదటి చూపులోనే దొరుకుతుంది.

పైగా దాక్కోవడానికి చోటు లేదు. ఇండియాలో ట్రయల్ అంటే సీటీఆర్‌ఐలో నమోదై ఉండాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చకముందే నమోదు చేస్తేనే తీసుకుంటున్నారు. మీ అబ్‌స్ట్రాక్ట్ చివర ఉండే `CTRI/` నంబర్ వెబ్‌సైట్‌లో కొడితే, ఆ రోజు మీరు ప్రైమరీ అని దేన్ని రాశారో ఎవరైనా చూడొచ్చు. మా రివ్యూయర్ చూశాడు కూడా.

చివరికి ముగింపు ఇలా మారింది: ఓండన్‌సెట్రాన్ బీపీ పడటాన్ని తగ్గిస్తుందని ఈ ట్రయల్ చూపలేకపోయింది, అయితే ఉపయోగపడేంత ప్రభావం ఉందన్న అవకాశాన్ని కొట్టిపారేయనూ లేదు; వికారం తక్కువగా కనిపించింది, అది సెకండరీ కాబట్టి మరో ట్రయల్‌లో చూడాలి. వికారం అంకెలు రిజల్ట్స్‌లో, ప్రైమరీ తర్వాత, ఒక్క వాక్యంలో. అంతకు మించి చోటు ఇవ్వలేదు. మీరూ సెకండరీల్లో ఒకదాన్నే ఎంచుకోండి, అది కూడా ముందే ప్లాన్ చేసిందై ఉండాలి. ఎనిమిది సెకండరీలుంటే బాగా వచ్చినదాన్ని ఏరుకోవడం కూడా స్పిన్‌లో ఒక రకమే.

ఇంకో దెబ్బ తిన్న సంగతి చెప్పాలి. ఎనాలిసిస్ మధ్యలో ఇద్దరు పేషెంట్ల షీట్లు ఆలస్యంగా దొరికాయి, 118 కాస్తా 120 అయింది. టేబుల్స్ మార్చాం, అబ్‌స్ట్రాక్ట్‌లో పాత 118 అలాగే ఉండిపోయింది. పంపేశాక రివ్యూయర్ "ఏది నిజం?" అని ఒక్క లైన్ రాశాడు. ఆ లైన్ చదివిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్ తీసి, ప్రతి అంకె కిందా అది పేపర్లో ఏ టేబుల్, ఏ వరుసలో ఉందో పెన్నుతో రాస్తాను. అలా రాయడానికి దొరకని అంకె ఏదైనా ఉంటే, అది అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండకూడనిదే.

మాటలు లెక్కపెట్టేటప్పుడు చిన్న విషయాలు. `p = 0.14` అని స్పేసులతో రాస్తే వర్డ్ మూడు మాటలుగా లెక్కేస్తుంది, `p=0.14` అయితే ఒకటే. ఇంటర్వెల్ ఉన్నప్పుడు p అసలు అక్కర్లేదని నా అభిప్రాయం. కొత్త షార్ట్‌ఫారాలు కట్టి మాటలు మిగల్చాలని చూడకండి. ఒకసారే వాడే పదానికి షార్ట్‌ఫారం పెడితే ఒక మాట ఎక్కువే అవుతుంది. రిజిస్ట్రేషన్ నంబర్‌ని లిమిట్‌లో కలుపుతారా లేదా అన్నది ఆయా జర్నల్ సూచనల్లో చూసుకోండి.

నాది వర్డ్‌లో 248 చూపించింది, హాయిగా సబ్మిట్ నొక్కాను. సైట్ ఒప్పుకోలేదు, 252 ఉన్నాయంది. నేను నాలుగు హెడింగ్‌లని లెక్కలో వేసుకోలేదు. అర్ధరాత్రి రెండు మాటల కోసం వెతికితే ముగింపులో దొరికాయి. కన్‌క్లూజన్ అనే హెడింగ్ కింద మొదటి వాక్యం "ఇన్ కన్‌క్లూజన్" అని మొదలైంది.