పక్కవైపు తలుపు ఫొటో అడగండి

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో గోప్రో హీరో9 బ్లాక్ చవకగా వస్తోంది. ఫొటోలు మాత్రమే పంపారు. అసలుదో డూప్లికేటో వాటిని చూసి చెప్పగలమా?

చెప్పగలం. నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తాను, ఈ కెమెరా రోజూ చేతిలో ఉంటుంది. అందరూ ముందు పేరు చూస్తారు. పేరుదేముంది, స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు.

మా తమ్ముడు లంబసింగి బైక్ ట్రిప్ కోసం ఇలాగే ఒకటి బేరమాడి, నాకు చెప్పకుండా రెండు వేలు అడ్వాన్స్ పంపేశాడు. తర్వాత ఫొటోలు చూపించాడు. అన్నిట్లోనూ కెమెరా పారదర్శకమైన వాటర్‌ప్రూఫ్ డబ్బాలోనే ఉంది, డబ్బా మీద 30M అని ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. హీరో9 ఏ డబ్బా లేకుండానే పది మీటర్ల లోతు తట్టుకుంటుంది. దానికి కంపెనీ విడిగా అమ్మే డైవింగ్ డబ్బా అయితే అరవై మీటర్లది. డబ్బాలోంచి బయటికి తీయకుండా ఫొటో తీశారంటే కెమెరా ఒంటిని దాస్తున్నారన్నమాటే.

లెన్స్ చూశాను. హీరో9లో లెన్స్ మీద చతురస్రాకారపు గాజు కవర్ ఉంటుంది, తిప్పితే ఊడి వస్తుంది. లెన్స్ పక్కన ముందువైపే రంగుల తెర ఉంటుంది. ఆ అమ్మేవాడి దాంట్లో గుండ్రటి రింగు, దాని చుట్టూ 4K Ultra HD అని అక్షరాలు. ముందు తెరే లేదు.

"అన్నా, డబ్బాలోంచి తీసి పక్కవైపు ఫొటో పంపు" అని తమ్ముడితో అడిగించాను. వచ్చిన ఫొటోలో మైక్రో యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ రంధ్రాలు తెరిచే ఉన్నాయి. అసలు హీరో9కి పక్కన రబ్బరు సీలున్న ఒకే తలుపు ఉంటుంది. బ్యాటరీ, కార్డు, టైప్-సి అన్నీ దాని వెనకే. నీళ్ళు చొరబడని ఆ తలుపు చేయడం చవక కాపీలవాళ్ళ వల్ల కాదు, అందుకే వాళ్ళకి ఆ డబ్బా. అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు.

పెట్టె కూడా పట్టిస్తుంది. హీరో9 జిప్ ఉన్న చిన్న కేస్‌లో వచ్చింది. పైన ప్లాస్టిక్ మూతలోంచి కెమెరా కనిపించే పెట్టె పాత మోడళ్ళది, కాపీలు ఇప్పటికీ దాన్నే అనుకరిస్తున్నాయి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ స్టిక్కర్ లేకపోతే వెంటనే నకిలీ అనకండి. విదేశాల నుంచి ఎవరో తెచ్చిందీ కావచ్చు.

డ్రోన్లలో ఈ మోసం ఇంకా ఎక్కువ. 2022లో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశాక, మడత డ్రోన్ ఏది కనిపించినా డీజేఐ కంపెనీదని అంటగడుతున్నారు. ముక్కు కింద కెమెరా చూడండి. అసలుదాంట్లో అది చిన్న మోటార్ల మీద వేలాడుతుంది. కాపీల్లో ప్లాస్టిక్ బుడిపెకి బిగించేసి ఉంటుంది.

ఇంటర్నెట్ నుంచి ఎత్తిన ఫొటో అయితే ఇవేవీ పనికిరావు. అందుకే ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, తలుపు తెరిచి, బ్యాటరీ తీసి, లోపలి సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటో అడగండి. పెట్టె ఉందంటే దాని మీది నంబరూ అడిగి రెండూ కలుస్తున్నాయో చూడండి. "ఊళ్ళో లేను, రేపు పంపుతా" అంటే డబ్బు పంపకండి.