టెంపర్ అంటే ప్రతిసారీ తాలింపు కాదు

"కస్టర్డ్ రెసిపీలో టెంపర్ ది ఎగ్స్ అని ఉంది. టెంపర్ అంటే తాలింపే కదా, గుడ్లకి తాలింపేంటి? అలాగే ఫోల్డ్, బ్లాంచ్ అంటే మన వంటింట్లో ఏమంటాం?"

ఆ మాట దేనితో వచ్చిందో చూడండి. నూనె, ఆవాలు, ఎండుమిర్చి ఉంటే అది తాలింపే, మా గుంటూరులో అమ్మ తిరగమోత అంటుంది. గుడ్లతోనో పెరుగుతోనో వస్తే మాత్రం మెల్లగా వేడికి అలవాటు చేయమని. దీనికి మనకి ఒక్క మాట లేదు గానీ పని మాత్రం ఉంది. కుర్మాలో పెరుగు పోసే ముందు రెండు గరిటెల వేడి రసం పెరుగులో కలుపుతారే, అదే ఇది. అలా చేయకపోతే పెరుగు విరిగిపోతుంది.

నేను మొదటిసారి కస్టర్డ్ చేసినప్పుడు మరిగే పాలల్లో గుడ్ల సొన ఒకేసారి గుమ్మరించాను, నిమిషంలో పాలల్లో కోడిగుడ్డు పొరటు తేలింది. పచ్చసొన 65, 70 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది కాబట్టి పాలల్లో కలిసేలోపే ఉండలు కడుతుంది. అదే ముందు కొంచెం పాలతో పలచబడితే ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. అర లీటరు పాలకి నాలుగు పచ్చసొనలు, వాటిని పంచదారతో బాగా గిలక్కొట్టి, గిన్నె జారకుండా కింద తడిగుడ్డ వేస్తాను. పాలు అంచుల్లో చిన్న బుడగలు రాగానే స్టవ్ ఆపి, ఒక చేత్తో గిలకొడుతూనే రెండో చేత్తో గరిటెడు పాలు సన్నటి ధారగా పోస్తాను. మూడు నాలుగు గరిటెలయ్యాక గిన్నె బయట చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, అప్పుడు సొనంతా తిరిగి పాలల్లో పోసి సిమ్‌లో ఆపకుండా తిప్పాలి. కస్టర్డ్ గరిటె వెనక పూతలా అంటుకుని, దాని మీద వేలితో గీస్తే గీత నిలిచిందా, దించేయండి. ఇది మరగకూడదు. రవ్వలా చిన్న పలుకులు కనిపిస్తే వెంటనే దించి వడకట్టండి, పూర్తిగా విరిగితే ఇక బాగుపడదు.

చాక్లెట్ టెంపరింగ్ వేరే సంగతి. డార్క్ చాక్లెట్‌ని 45, 50 డిగ్రీలకి కరిగించి, 28 దాకా చల్లార్చి, మళ్ళీ 31కి తెస్తేనే మెరుపు, టక్కున విరిగే గుణం వస్తాయి, థర్మామీటర్ లేకుండా నేనైతే మొదలుపెట్టను.

ఫోల్డ్ అంటే కలియదిప్పడం కాదు, గరిటెని అడుగు నుంచి పైకి తెచ్చి పిండిని మీదికి మడవడం, నురుగులో గాలి పోకుండా. పులిహోర మెతుకు విరగకుండా ఎలా కలుపుతారో ఆ చేతి వాటం గుర్తు తెచ్చుకోండి. బ్లాంచ్ అంటే మరిగే నీళ్లలో కాసేపు ముంచి తీసి చన్నీళ్లలో వేయడం. ఉడకబెట్టి వార్చడం అనుకుని పాలకూరని పది నిమిషాలు ఉంచకండి, నిమిషంలో తీసేస్తేనే పచ్చగా ఉంటుంది.