ఆ 40 నిమిషాల సంగతి

"సర్, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పోయిన వారం ఒక ఆర్డర్ స్టేటస్ మార్చబోయి, ఏ ఆర్డరో చెప్పే WHERE రాయడం మర్చిపోయాను. లైవ్ డేటాబేస్‌లో ఆర్డర్లన్నీ క్యాన్సిల్ అయిపోయాయి. 40 నిమిషాలు ఎవరికీ చెప్పకుండా నేనే సరిచేయాలని చూశాను. చివరికి టీమ్ లీడే కనిపెట్టారు. అప్పటినుంచి కీబోర్డ్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఈ పనికి నేను పనికొస్తానా?"

తమ్ముడూ,

WHERE మర్చిపోయినందుకు నీ మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్లలో ఆ తప్పు చేసినవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో మంచి ఇంజినీర్లూ ఉన్నారు. నాకు బెంగగా ఉన్నది ఆ 40 నిమిషాల గురించే. అంతసేపూ కొత్త ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి కదా, కొందరు నిజంగానే క్యాన్సిల్ చేసుకుని ఉంటారు కూడా. వెంటనే చెప్పి ఉంటే నీ వల్ల మారినవేవో, మనుషులు మార్చుకున్నవేవో తేల్చడం తేలికయ్యేది. గడిచే ప్రతి నిమిషానికీ ఆ రెండూ కలగలిసిపోతాయి.

ఉద్యోగంలో మూడో ఏడు నేనూ ఇలాగే దాచాను. ఒక్క కాలమ్ పాడైందని కంగారుపడి, రాత్రి బ్యాకప్‌ను నేరుగా లైవ్ డేటాబేస్ మీదే రీస్టోర్ చేశాను. ఉదయం నుంచి జనం నమోదు చేసినదంతా పోయింది. మొదటి తప్పు చిన్నదే, దాన్ని దాచబోయి చేసింది పెద్దది. బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో తెరిచి, పాడైన కాలమ్ మాత్రమే తెచ్చుకోవాలి. తప్పు జరిగాక ఎవరైనా మార్చిన వరసలను పక్కన పెట్టి, ఒక్కొక్కటిగా చూడాలి. ఓపిక పట్టాల్సింది అక్కడ. పక్కన ఇంకొకరుంటేనే ఆ ఓపిక వస్తుంది.

2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ సర్వర్ పొరబడి అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశారు. క్షణాల్లో గ్రహించి ఆపినా సుమారు 300 జీబీ పోయింది. నమ్ముకున్న బ్యాకప్‌లు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ సంస్థ దేన్నీ దాచలేదు, రికవరీ పనిని కూడా అందరికీ లైవ్‌లో చూపించింది.

ఇక చేతి అలవాటు. ముందు BEGIN కొట్టి ట్రాన్సాక్షన్ తెరిచి, ఆ తర్వాతే మార్పు చేయి:

```sql
BEGIN;
UPDATE orders SET status = 'cancelled' WHERE id = 4821;
```

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో `UPDATE 1` అని, అంటే ఒక్క వరసే మారిందని వస్తే `COMMIT;` కొట్టు, మార్పు ఖాయమవుతుంది. అక్కడ 61240 లాంటి అంకె కనిపిస్తే `ROLLBACK;` చాలు, ఏమీ జరగనట్టే. అయితే ఆ ట్రాన్సాక్షన్‌ను తెరిచి వదిలేసి లేచి వెళ్లకు. నువ్వు మార్చిన వరసలు లాక్‌లో ఉండి, మిగతావాళ్ల పని ఆగిపోతుంది.

పనికొస్తావా అని అడిగావు. ఎనిమిది నెలలకే అది తేల్చేయకు. పదేళ్ల తర్వాత నీ చేతికి లైవ్ సర్వర్ ఇచ్చేవాళ్లు నువ్వెన్ని తప్పులు చేశావో లెక్కపెట్టరు. తప్పు జరిగితే ఎంతసేపట్లో చెబుతావో చూస్తారు.

రేపు లీడ్ దగ్గరికి వెళ్లి, ఆ 40 నిమిషాల్లో ఏయే కమాండ్లు నడిపావో వరుసగా చెప్పు. సరిచేయబోయి ఇంకేమైనా మార్చావేమో ఎవరో ఒకరు చూడాలి. టెర్మినల్ హిస్టరీ ఇంకా ఉంటే ఈ రాత్రే కాపీ చేసి పెట్టుకో.