రైలు లెక్కల్లో ఇంజను మీద కాదు, చివరి పెట్టె మీద కన్నుండాలి

ప్రశ్న: రైల్వే పరీక్షకు చదువుతున్నాను. స్తంభాన్ని దాటడం, ప్లాట్‌ఫాంను దాటడం, ఎదురుగా వచ్చే రైలును దాటడం, ఈ మూడింటి సూత్రాలు బట్టీ పట్టాను. అయినా పొడవులు ఎప్పుడు కలపాలో, వేగాలు ఎప్పుడు తీసివేయాలో తికమక పడి తప్పు జవాబే పెడుతున్నాను. దీన్ని దాటిన వారు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

నేను తిరుపతిలో గది తీసుకుని ఇదే పరీక్షకు చదివిన రోజుల్లో సరిగ్గా ఇక్కడే దెబ్బ తిన్నాను. ప్లాట్‌ఫాం లెక్కలో రైలు పొడవును మాత్రమే వేగంతో భాగించాను. ఆ తప్పు జవాబు కూడా నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటిగా కనిపించేసరికి, సరిచూసుకోకుండా ధైర్యంగా గుర్తు పెట్టి వచ్చాను. ప్రశ్నపత్రం తయారుచేసేవారు మనం ఎక్కడ తప్పుతామో ముందే లెక్క వేసి, ఆ అంకెను అక్కడ ఉంచుతారని నాకు ఆ తరువాతే అర్థమైంది.

నా తికమక తీర్చింది పుస్తకం కాదు. మా వీధిలో, గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉండేవారు. ఒక సాయంత్రం రేణిగుంట స్టేషనులో ఆగకుండా వెళుతున్న గూడ్సు బండిని చూపించి, "ఇంజను పోతే బండి పోయినట్టు కాదు అబ్బీ, గార్డు డబ్బా పోవాల" అన్నారు. ప్రయాణికుల రైలు చివరి పెట్టె వెనుక పెద్దదిగా వేసిన గుణకారం గుర్తును మీరు చూసే ఉంటారు. ఆ చివరి పెట్టె కనిపిస్తేనే బండి మధ్యలో తెగకుండా పూర్తిగా వచ్చిందని స్టేషను సిబ్బంది నిర్ధారించుకుంటారు. మన లెక్కలో కూడా దాటడం ముగిసేది ఆ చివరి పెట్టెతోనే. కాబట్టి సూత్రం వెతికే ముందు, దాటడం మొదలయ్యే క్షణాన చివరి పెట్టె ఎక్కడ ఉంది, అది ఇంకా ఎంత దూరం వెళ్లాలి అని మాత్రం అడగండి.

ఒకే రైలును తీసుకుని చివరిదాకా చూద్దాం. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ పెట్టె ఒక్కొక్కటి సుమారు 24 మీటర్లు ఉంటుంది. అలాంటివి 21 పెట్టెలు, వాటి ముందు సుమారు 21 మీటర్ల ఇంజను ఉన్నాయనుకుంటే బండి పొడవు 525 మీటర్లు అవుతుంది. వేగం గంటకు 54 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు అన్న ఒక్క మాట గుర్తుంటే, 54లో మూడు 18లు ఉన్నాయి కనుక సెకనుకు 15 మీటర్లని వెంటనే తేలుతుంది.

ఇంజను ముక్కు స్తంభాన్ని తాకిన క్షణాన చివరి పెట్టె తోక 525 మీటర్ల వెనుక ఉంటుంది. అది స్తంభం దగ్గరికి రావడానికి 35 సెకన్లు పడుతుంది. ఇప్పుడు స్తంభానికి బదులు 600 మీటర్ల ప్లాట్‌ఫాం ఉందనుకోండి. ఇంజను ప్లాట్‌ఫాం మొదటి అంచును తాకినప్పుడు తోక అదే 525 మీటర్ల వెనుకే ఉంది, కానీ అది చేరవలసిన చోటు ఇప్పుడు 600 మీటర్లు ముందుకు జరిగింది. మొత్తం 1125 మీటర్లు, అంటే 75 సెకన్లు. పొడవులు "కలపాలి" అన్న నియమం వెనుక ఉన్నది ఇంతే.

ఇదే రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి ఆ ప్లాట్‌ఫాం 40 సెకన్లలోనే వెళ్లిపోతుంది, ఎందుకంటే అతని విషయంలో ముక్కు, తోక రెండూ అతనే. బండికి 21 పెట్టెలున్నా మూడే ఉన్నా అతని 40 సెకన్లు మారవు. ప్రశ్నలో "రైలు దాటుటకు" అన్నారా, "రైలులోని వ్యక్తి దాటుటకు" అన్నారా అన్నది చాలామంది చదవకుండా వదిలేసే చోటు. "రైలు మొత్తం ప్లాట్‌ఫాం వెంబడే ఉన్న సమయం ఎంత" అని అడిగితే లెక్క మళ్లీ వేరు. తోక లోపలికి వచ్చిన క్షణం నుంచి ఇంజను బయటికి పోయే క్షణం వరకు మిగిలింది 75 మీటర్లే కనుక జవాబు 5 సెకన్లు.

ఇక ఎదురుబండి. బొగ్గు మోసే గూడ్సు బండి ఒకటి 58 పెట్టెలు, గార్డు డబ్బా, ఇంజనుతో కలిపి సుమారు 650 మీటర్లు ఉంటుంది. అది పక్క పట్టాల మీద గంటకు 36 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 10 మీటర్లతో ఎదురు వస్తోంది. రెండు ఇంజన్ల ముక్కులు ఒకదానికొకటి ఎదురైన క్షణాన రెండు తోకల మధ్య దూరం 525, 650 కలిపి 1175 మీటర్లు. ప్రతి సెకనులో ఆ దూరాన్ని ఇటువైపు తోక 15 మీటర్లు, అటువైపు తోక 10 మీటర్లు తగ్గిస్తాయి కాబట్టి 25 చొప్పున 47 సెకన్లలో తోకలు కలుస్తాయి. నేను ఇలాంటి లెక్కను ఎప్పుడూ మరోవైపు నుంచి సరిచూసుకునేవాణ్ణి: ఎక్స్‌ప్రెస్‌లోని ప్రయాణికుడికి గూడ్సు బండి 26 సెకన్లు కనిపిస్తుంది, గూడ్సు గార్డుకు ఎక్స్‌ప్రెస్ 21 సెకన్లు కనిపిస్తుంది, రెండూ కలిపితే 47 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక పొడవు జారిపోయినట్టే.

రెండూ ఒకే దిశలో పోతుంటే, ఎక్స్‌ప్రెస్ ముక్కు గూడ్సు తోకను అందుకున్నప్పుడు దాటడం మొదలవుతుంది, ఎక్స్‌ప్రెస్ తోక గూడ్సు ముక్కును దాటినప్పుడు ముగుస్తుంది. దూరం అదే 1175 మీటర్లు. అయితే ఎక్స్‌ప్రెస్ 15 మీటర్లు వెళ్లేసరికి గూడ్సు 10 మీటర్లు ముందుకు తప్పుకుంటుంది కనుక సెకనుకు కలిసొచ్చేది 5 మీటర్లే, సమయం 235 సెకన్లు. దాదాపు నాలుగు నిమిషాలు చూసి జవాబు తప్పేమోనని కంగారు పడకండి, ఒకే దిశలో దాటేటప్పుడు జవాబు పెద్దదిగానే వస్తుంది. నిజానికి మన వైపు పోవడానికొకటి, రావడానికొకటిగా రెండు లైన్లున్న మార్గంలో రెండు బండ్లు ఇలా పక్కపక్కన ఒకే దిశలో పరుగెత్తడం మామూలుగా జరగదు, గూడ్సును లూప్ లైనులో ఆపి ఎక్స్‌ప్రెస్‌ను వదులుతారు. అలా ఆగిన బండి లెక్కకు 650 మీటర్ల ప్లాట్‌ఫాం లాంటిదే, దాని వేగాన్ని సున్నాగా తీసుకుంటే చాలు.

ఒకసారి మీరే గడియారం పట్టుకుని చూడండి. నేను రేణిగుంటలో ఒకచోట కదలకుండా నిలబడి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, 58 పెట్టెల గూడ్సు బండిని చూశాను. ఇంజను ముక్కు నుంచి గార్డు డబ్బా దాకా 65 సెకన్లు పట్టింది. 650 మీటర్లను 65తో భాగిస్తే సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. ఆగడానికి వచ్చే ఎక్స్‌ప్రెస్‌తో మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు, అది నెమ్మదిస్తూ వస్తుంది కనుక ముక్కు వచ్చినప్పటి వేగం తోక వచ్చేసరికి ఉండదు, మన సూత్రమేమో వేగం మారదన్న షరతు మీదే నిలబడి ఉంది.