‘ఈ లెక్కలో మా అవ్వ కూడా ఉంది గదా?’: చార్ట్ టైటిల్ రాసేటప్పుడు నేను నేర్చుకున్నవి

ప్రశ్న: మా రిపోర్టులో ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల అక్షరాస్యత మీద ఒక చార్ట్ పెట్టాను. ‘జిల్లాల వారీగా స్త్రీ, పురుష అక్షరాస్యత, 2011’ అని టైటిల్ రాస్తే మా మేడమ్ తిప్పి పంపారు. ‘చార్ట్ ఏం చెప్తోందో టైటిల్‌లోనే కనిపించాల’ అన్నారు. అది ఎలా రాయాలి? సబ్‌టైటిల్‌లో ఏముండాలి, సోర్స్ కింద ఎంత రాయాలి?

జవాబు:

అచ్చంగా ఇదే చార్ట్ నేనూ చేశాను. అనంతపురంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో రిపోర్టులు రాయడం నా పని. ఆ ఒక్క టైటిల్‌ని నాలుగుసార్లు రాయాల్సి వచ్చింది. ఏ మార్పు ఎందుకు చేశానో వరసగా చెప్తే మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు అంకెలు చూద్దాం. 2011 జనగణన తుది లెక్కల్లో దశాంశాలు సవరిస్తే, కర్నూలులో మగవాళ్ల అక్షరాస్యత 70 శాతం, ఆడవాళ్లది 50. అనంతపురంలో 73, 54. కడపలో 78, 57. చార్ట్‌లో ఉండేది ఈ ఆరు అంకెలే.

నేను మొదట రాసింది మీలాంటి టైటిలే. అది తప్పేం కాదు, కాకపోతే అది పేరు మాత్రమే. డబ్బా మీద ‘పప్పు’ అని రాసినట్టు, లోపల ఏ సరుకుందో చెప్తుందే గానీ సంగతి చెప్పదు. మా పెద్దసారు చూసి ‘ఏమప్పా, ఇది చూసి నేనేం తెలుసుకోవాల?’ అన్నారు. నేను నోటితో చెప్పాను: ‘సార్, మూడు జిల్లాల్లోనూ ఆడవాళ్లు చాలా వెనకున్నారు, కర్నూలులో అయితే సగం మందికి చదువే రాదు.’ ‘మరి ఆ మాటే పైన రాయి’ అన్నారు. ఇప్పటికీ నేను పాటించే పద్ధతి అదే. చార్ట్ పక్కన పెట్టుకుని, పక్క సీటులో ఉన్నవాళ్లకి ఒక్క వాక్యంలో నోటితో చెప్పండి. మీ నోట్లోంచి వచ్చిన వాక్యమే టైటిల్‌కి ముడిసరుకు. కంప్యూటర్ ముందు కూర్చుని టైటిల్ రాయబోతే మళ్లీ ‘వారీగా’, ‘వివరాలు’, ‘విశ్లేషణ’ లాంటి మాటలే వస్తాయి.

అయితే నోటి మాటని ఉన్నదున్నట్టు ఎక్కించకూడదు. నేను అక్కడే పెద్ద పొరపాటు చేశాను. కాస్త ఊపు మీదుండి రెండో టైటిల్ ఇలా రాశాను: ‘ఆడపిల్లలను చదివించడంలో కర్నూలు వెనకబడింది’. చదవడానికి బాగుంది, చార్ట్‌లో కర్నూలు కడ్డీలు పొట్టిగానూ ఉన్నాయి. మీటింగులో ప్రింట్లు పంచాక ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక హెడ్‌మాస్టర్ గారు చెయ్యెత్తారు. ‘మా బడిలో ఆడపిల్లలు బాగానే వస్తాండారు. మీ లెక్కలో మా అవ్వ కూడా ఉంది గదా?’ అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. జనగణనలో అక్షరాస్యత అంటే 7 ఏళ్లు, అంతకు పైబడిన వాళ్లందరిలో ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవాళ్ల శాతం. అందులో బడికెళ్లే పిల్లా ఉంటుంది, ఎన్నడూ బడి ముఖం చూడని 80 ఏళ్ల అవ్వా ఉంటుంది. ఆ శాతం తక్కువుందంటే ఇప్పటి పిల్లల్ని చదివించడం లేదని కాదు. ఎన్నో ఏళ్ల కిందట చదువుకు దూరమైన ఆడవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారని కూడా అయ్యుండొచ్చు. పిల్లల చదువు గురించి మాట్లాడాలంటే వయసుల వారీ లెక్కో, బడిలో చేరికల లెక్కో కావాలి. నా చార్ట్‌లో అవి రెండూ లేవు. అప్పట్నుంచి టైటిల్‌లో ప్రతి మాట మీదా వేలు పెట్టి ‘ఇది చార్ట్‌లో ఎక్కడుంది?’ అని అడుగుతాను. ‘ఆడపిల్లలు’ లేదు, ‘ఆడవాళ్లు’ ఉంది. ‘చదివించడం’ లేదు, ‘అక్షరాస్యత’ ఉంది. ‘వెనకబడింది’ అనే మాట కాలంతో పాటు జరిగిన మార్పుని సూచిస్తుంది, మన దగ్గరున్నది ఒక్క ఏడాది లెక్క. ఆ టైటిల్‌లో చార్ట్ ఒప్పుకునే మాట ‘కర్నూలు’ ఒక్కటే మిగిలింది.

మూడోసారి జాగ్రత్తగానే రాశాను: ‘మూడు జిల్లాల్లోనూ ఆడవాళ్ల అక్షరాస్యత మగవాళ్ల కంటే 20 శాతం తక్కువ’. ఇందులో తప్పు పట్టింది మా అకౌంట్స్ చూసే అక్క. 70లోంచి 50 తీసేస్తే 20 వస్తుంది, కానీ అది ‘20 శాతం తక్కువ’ కాదు. 70లో 20 అంటే దాదాపు 29 శాతం. రెండు శాతాల మధ్య తేడా చెప్పేటప్పుడు ‘20 శాతం పాయింట్లు’ అనాలి. రాయలసీమలోనే కాదు, ఎక్కడి రిపోర్టుల్లో చూసినా ఎక్కువ కనిపించే తప్పు ఇదే అని నా అభిప్రాయం. ఆ మాట బరువుగా అనిపిస్తే తప్పించుకునే దారి ఒకటుంది. తేడా చెప్పకుండా అంకెలే చెప్పండి: ‘కర్నూలులో 100 మంది మగవాళ్లలో 70 మందికి చదువొచ్చు, ఆడవాళ్లలో 50 మందికి’. ఊళ్లో మీటింగుకైతే నేను ఇలాగే రాస్తాను.

చివరికి నిలిచిన టైటిల్ ఇది:

‘మూడు జిల్లాల్లోనూ ఆడవాళ్ల అక్షరాస్యత మగవాళ్ల కంటే సుమారు 20 శాతం పాయింట్లు తక్కువ’

తేడాలు విడివిడిగా చూస్తే అనంతపురంలో 19, కర్నూలులో 20, కడపలో 21. అందుకే ‘సుమారు’. ఆ మాట లేకపోతే మూడింటికీ సరిగ్గా 20 అని చదువుకుంటారు.

ఇవే అంకెల్లో ఇంకో సంగతి కూడా దాగుంది. ఈ మూడింటిలో అక్షరాస్యత ఎక్కువున్నది కడపలో, ఆడా మగా తేడా ఎక్కువున్నదీ కడపలోనే. ‘కడపలో అక్షరాస్యత ఎక్కువ, ఆడా మగా తేడా కూడా ఎక్కువే’ అని టైటిల్ పెట్టాలని మనసు లాగింది. పెట్టలేదు. 19కీ 21కీ మధ్య ఉన్నది రెండే పాయింట్లు. పక్కపక్కన నిలబెట్టిన కడ్డీల్లో ఆ తేడా కంటికి ఆనదు. చదివేవాడు టైటిల్ చూసి, చార్ట్ చూసి, ‘ఎక్కడుంది?’ అని వెతుక్కుంటాడు. ఆ సంగతే చెప్పాలనుకుంటే చార్ట్ రకం మార్చాలి: ఒక్కో జిల్లాకి ఒక గీత, దానికి రెండు చివర్లా రెండు చుక్కలు, గీత మీద 19, 20, 21 అని అంకె. అప్పుడు తేడాయే బొమ్మ అవుతుంది. కాబట్టి టైటిల్ తేలాక ఒకసారి చార్ట్‌ని కూడా మళ్లీ చూడండి. నేనైతే టైటిల్ మీద కాగితం కప్పి, ఆ చార్ట్ తెలియని వాళ్లకి చూపించి ‘ఏం కనిపిస్తోంది?’ అని అడుగుతాను. వాళ్లు చెప్పింది టైటిల్‌తో కలవకపోతే రెండింటిలో ఒకటి మారాల్సిందే.

తెలుగులో ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ‘సగం మందికి చదువొచ్చు’, ‘సగం మందికే చదువొచ్చు’ అనే వాక్యాల మధ్య ఒక్క ఏకారమే తేడా. కానీ రెండోదాంట్లో ‘ఇది చాలదు’ అనే మన తీర్పు దూరిపోతుంది. రిపోర్టు మీ సంస్థ తరఫున వాదన చేసేదైతే ఏకారం ఉండొచ్చు, దాన్ని తెలిసి పెట్టాలి. ప్రభుత్వ శాఖకి ఇచ్చేదైతే తీసేయండి. ‘కూడా’, ‘మాత్రమే’, ‘ఇంకా’ అనే మాటలకీ ఇదే వర్తిస్తుంది.

ఇక సబ్‌టైటిల్. టైటిల్‌లో చోటు లేక వదిలేసిన కొలత వివరాలన్నీ ఇక్కడికి వస్తాయి: ఏది కొలిచారు, ఎవరిలో, ఏ యూనిట్‌లో, ఎప్పుడు, ఎక్కడ. మాది ఇలా ఉంది:

‘7 ఏళ్లు, ఆ పైబడిన వారిలో అక్షరాస్యుల శాతం, 2011. జిల్లాలు 2022 విభజనకు ముందున్న హద్దులతో.’

చివరి ముక్క చిన్నదే అయినా మన దగ్గర తప్పనిసరి. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాయి. కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 2011 అంకెల పక్కన ఉత్త ‘అనంతపురం’ అని రాస్తే, చదివేవాడు ఇప్పటి జిల్లా అనుకుంటాడు. హిందూపురం, ధర్మవరం ఆ అంకెలో ఉన్నాయో లేవో తెలియదు. ‘7 ఏళ్లు, ఆ పైబడిన’ అనే మాట కూడా వదలొద్దు. ఎవరైనా అక్షరాస్యుల సంఖ్యని మొత్తం జనాభాతో భాగిస్తే 7 ఏళ్ల లోపు పిల్లలు కూడా కలిసి శాతం తగ్గిపోతుంది, మీ అంకె తప్పని అంటారు.

ఆధారం ఇలా రాశాం:

‘ఆధారం: భారత జనగణన 2011, ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్, తుది లెక్కలు. తేడాలు మేం లెక్కించినవి.’

‘సెన్సస్’ అని ఒక్క మాట రాస్తే చాలదు. 2011లో ముందు తాత్కాలిక లెక్కలు వచ్చాయి, తర్వాత తుది లెక్కలు. అనంతపురం జిల్లా మొత్తం అక్షరాస్యత తాత్కాలిక లెక్కలో 64.28, తుది లెక్కలో 63.57. ఇంటర్నెట్‌లో రెండూ తిరుగుతున్నాయి. ఏది వాడారో రాయకపోతే ఎవరో రెండోది తెచ్చి మీ ముందు పెడతారు. ఆధారంలో ఉన్న అంకె ఏది, మీరు చేసిన లెక్క ఏది అన్నది కూడా విడదీసి చెప్పాలి. 20 అనే అంకె మేం వాడిన పట్టికలోంచి తెచ్చింది కాదు, అది మన తీసివేత.

చివరగా ఎక్సెల్ సంగతి. అందులో సబ్‌టైటిల్‌కి వేరే పెట్టె ఉండదు. టైటిల్ పెట్టెలోనే ఎంటర్ కొట్టి రెండో వరస రాసి, ఆ వరసని మాత్రం సెలెక్ట్ చేసి సైజు తగ్గించండి, బోల్డ్ తీసేయండి. మరీ చిన్నది చేయొద్దు, తెలుగులో వత్తులు కలిసిపోతాయి. టైటిల్‌ని `=Sheet1!$A$1` అని సెల్‌కి లింక్ చేస్తే మాత్రం ఒక్కో వరసకి ఒక్కో సైజు పెట్టడం కుదరదు. ఆధారం కోసం ముందు చార్ట్ మీద క్లిక్ చేసి, ఆ తర్వాతే Insert లో Text Box తీసుకోండి. అలా చేస్తే ఆ పెట్టె చార్ట్ లోపలే ఉండి, కాపీ చేసినప్పుడు దాంతోపాటు వస్తుంది. నేను మొదట్లో ఆధారాన్ని వర్డ్‌లో, బొమ్మ కింద పేరాగా రాసేవాణ్ణి. ఒకసారి ఎవరో బొమ్మ ఒక్కటే తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. వారం తర్వాత అది నా ఫోన్‌కే వచ్చింది. ఏ ఏడాదిదో, ఎక్కడిదో ఏమీ లేదు, ‘ఈ అంకెలు ఎవరు చెప్పారు?’ అని కింద ఎవరో అడిగి ఉన్నారు.