తమ్ముడికి రాసిన మెయిల్ మేనేజరుకు వెళ్లింది

"నాన్నగారి వైద్యం ఖర్చు నేనూ తమ్ముడూ పంచుకుంటున్నాం. వాడు వాటా పంపడం లేదని రాత్రి కోపంగా మెయిల్ రాశాను. అది అదే పేరున్న మా మేనేజరుకు వెళ్లిపోయింది. లెక్కల ఫైలు కూడా పెట్టలేదు. ఇప్పుడు ఏ మెయిల్ పంపాలన్నా భయంగా ఉంది."

ముందు మేనేజరు సంగతి. "పొరపాటున మీకు వచ్చింది, ఇంటి విషయం, దయచేసి తొలగించండి" అని రాయండి, అంతే. సంజాయిషీ పెంచితే చదవని మనిషి కూడా వెనక్కెళ్లి చదువుతాడు.

ఇక తమ్ముడి మెయిల్. ఈసారి ఎవరికి పంపాలో ఆ పేరు చివర్లో పెట్టండి. రెండక్షరాలు కొట్టగానే చిరునామా గడి తనకు తెలిసిన పేర్లు చూపిస్తుంది. మనం చూడకుండా ఎంటర్ నొక్కేస్తాం. అందుకని మొదట ఫైలు జతచేయండి, తర్వాత విషయం రాయండి, ఆ గడి అప్పటిదాకా ఖాళీగా ఉంచండి. చిరునామా లేకుండా ఏ మెయిలూ పోదు. పాత మెయిల్‌కే జవాబిస్తుంటే ఉన్న పేరు తీసేసి మొదలుపెట్టండి. చివర్లో పేరు మీద నొక్కి, @ తర్వాత ఏముందో చూడండి. ఆఫీసు డొమైన్ కనిపిస్తే మీ తమ్ముడు కాడు! జతచేసిన ఫైలును కూడా అక్కడే ఒకసారి తెరవండి. పోయిన నెల లెక్క పోవడం, అసలు లెక్కే పోకపోవడంకన్నా పెద్ద గొడవ. ఫైలు మర్చిపోతే జీమెయిల్ కొన్నిసార్లు గుర్తుచేస్తుంది గానీ, అది మీరు వాడిన మాటలను బట్టి. తెలుగులో రాసేటప్పుడు దాన్ని నమ్ముకోవద్దు.

మాట తీరు దగ్గర కాస్త ఆగుదాం. "నీకు నాన్న ఎప్పుడైనా గుర్తొస్తాడా?" లాంటి వాక్యానికి జవాబు ఉండదు, ఎదురుదాడే ఉంటుంది. దాని బదులు, "రెండు నెలల వాటా రాలేదు. లెక్క జతచేశాను. పదో తేదీలోపు వేయగలవా, ఇబ్బందేమైనా ఉందా?" అనండి. అతను అవునో కాదో చెప్పగలడు. పంపేముందు పైకి చదవండి. మీ గొంతు ఎక్కడ పెరిగిందో ఆ వాక్యం మార్చండి.

జీమెయిల్లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే Undo Send మామూలుగా 5 సెకన్లే ఉంటుంది. కంప్యూటర్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 30 చేసి, పేజీ అడుగున Save Changes నొక్కండి, చాలామంది అదే మర్చిపోతారు. ఆ 30 సెకన్లూ మెయిల్ మీ దగ్గరే ఆగి ఉంటుంది, తర్వాత మాత్రం వెనక్కి రాదు. పేరు తప్పు, ఫైలు మర్చిపోవడం ఆ వ్యవధిలో దొరుకుతాయి. కోపం అంతలో దిగదు. దానికి Send పక్కనున్న బాణం నొక్కి, Schedule send ఎంచుకుని మర్నాడు పొద్దున 10కి పెట్టండి. మెయిల్ Scheduled అనే చోట ఉంటుంది. లేవగానే తెరిచి చదవండి; వద్దనిపిస్తే రద్దు చేస్తే చిత్తుప్రతుల్లోకి వచ్చేస్తుంది. మీరు చూడడం మర్చిపోతే మాత్రం 10కి దానంతటదే వెళ్లిపోతుంది. కాబట్టి ఫోన్లో తొమ్మిదిన్నరకు అలారం కూడా పెట్టుకోండి.