ఎముక దగ్గరి ఎరుపును కాదు, థర్మామీటర్ అంకెను నమ్మండి

ప్రశ్న: చికెన్ లెగ్ పైన మాడిపోయినా ఎముక దగ్గర ఎర్రగానే ఉంటోంది. అది పచ్చిదేనా? కీమాకు, మర్నాడు వేడి చేసే కూరకు కూడా థర్మామీటర్ కావాలా, చూస్తే తెలియదా?

చూస్తే తెలియదు. నేను హనుమకొండలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. కోడికూర, కీమా, బోటి రోజూ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు. రంగు చూసి ఉడికిందని చెప్పేవారు ఎంత చేయి తిరిగిన వంటవారైనా నేను ఆ మాట మీద కూర దించను. కోడిమాంసం ఏ రూపంలో ఉన్నా ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. మేక, గొర్రె కీమాకు 71. మిగిలిన కూర ఏదైనా మళ్లీ వేడి చేస్తే 74. ఇవి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకెలు. బ్రిటన్‌లో 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచమంటారు. రెండూ వేడికి చెప్పిన అంకెలే, రంగులు కావని గమనించండి.

మా ఇంట్లో ఒక దసరా సాయంత్రం జరిగింది చెబుతాను. జమ్మి పెట్టుకుని అందరూ ఇంటికి వచ్చాక మా మరిది డాబా మీద బొగ్గుల కుంపటి వెలిగించాడు. ఒక పక్క చికెన్ లెగ్గులు, ఇంకో పక్క సీకులకు పట్టించిన మటన్ కీమా కబాబులు. కీమా పొద్దున్నే తెచ్చి అల్లం వెల్లుల్లి, పుట్నాల పొడి, నిమ్మరసం, చపాటా మిరప పొడి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. చపాటా మిరప మా వరంగల్ ప్రాంతపు పంట, ఈ మధ్యే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ పొడి పట్టించిన మాంసంలో మాంసం రంగేదో మిరప రంగేదో ఎవరూ విడదీసి చెప్పలేరు. రంగును నమ్మకూడదనడానికి మా ఊళ్లో ఇదొక్కటే చాలు.

కబాబులు ముందు దిగాయి. పైన చక్కగా కాలాయి, విరిచి చూస్తే లోపల కూడా గోధుమ రంగు, ఎక్కడా ఎరుపు లేదు. అందరూ ప్లేట్లు పట్టుకున్నారు. లెగ్గుల దగ్గర మాత్రం అత్తమ్మ అడ్డం పడ్డారు. ఒకటి చీల్చి చూస్తే ఎముకను ఆనుకుని ముదురు ఎరుపు చార, పక్కన కొంచెం నెత్తురులాంటి నీరు. "ఇది పచ్చిగుంది బిడ్డా, పిల్లలకు పెట్టకు, ఇంకో అరగంట కాలనియ్యి" అన్నారు. నేను థర్మామీటర్ తెచ్చి లెగ్గు కండ మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా సూది గుచ్చాను. 83 చూపింది. ఇంకో లెగ్గులో 80. అవి పూర్తిగా ఉడికిపోయాయి, ఇంకో అరగంట ఉంచితే నార నారగా ఎండిపోయేవి. తర్వాత కబాబులో, చివర నుంచి నిలువుగా నడిమధ్యకు వెళ్లేలా గుచ్చాను. 57.

పచ్చిదని అందరూ అనుకున్నది తినడానికి సిద్ధంగా ఉంది. ఉడికిందని అందరూ అనుకున్నది సిద్ధంగా లేదు. ఒకే కుంపటి మీద రంగు రెండు వైపులా తప్పు చెప్పింది.

లెగ్గు ఎందుకు ఎర్రగా ఉందంటే, ఇప్పటి బ్రాయిలర్ కోడిని సుమారు ఆరు వారాలకే కోస్తారు. దాని ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. లోపలి మూలుగలోని రంగు ఆ ఎముక గుండా బయటికి ఊరి పక్కనున్న కండకు అంటుకుంటుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన కోడిలో ఇది ఇంకా ఎక్కువ. వేడికి ఆ రంగు ముదురుతుంది తప్ప పోదు. బొగ్గు పొగలోని వాయువులు కూడా చర్మం కింద గులాబీ రంగు పట్టిస్తాయి. మాంసం ఉడికిందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

కబాబుది ఇంతకంటే ప్రమాదకరమైన కథ. మాంసానికి రంగునిచ్చేది మయోగ్లోబిన్ అనే పదార్థం. కీమా కొట్టాక దానికి గాలి బాగా తగులుతుంది, గంటల తరబడి ఉంచితే ఆ పదార్థం ముందే మారిపోయి ఉంటుంది. అలా మారినది చాలా తక్కువ వేడికే గోధుమ రంగుకు తిరుగుతుంది. నిమ్మరసం, పెరుగు పులుపు దీన్ని ఇంకా తొందర చేస్తుంది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1990లలో గొడ్డు మాంసం కీమా మీద ఇదే పరిశీలించారు. సురక్షితమైన వేడికి చేరకముందే ప్రతి నాలుగు ముద్దల్లో ఒకటి లోపల గోధుమ రంగుకు తిరుగుతోందని అక్కడి వ్యవసాయ శాఖ ప్రజలకు చెప్పింది, 1997 నుంచి రంగు చూడొద్దు, థర్మామీటర్ వాడండి అని ప్రచారం మొదలుపెట్టింది. అంతకుముందు 1993లో సరిగా ఉడకని కీమా ముద్దల వల్ల అక్కడ ఏడు వందల మందికి పైగా జబ్బుపడి నలుగురు పిల్లలు చనిపోయారు.

మటన్ ముక్కకు లేని భయం కీమాకు ఎందుకని మా మరిది ఆ రోజే అడిగాడు. క్రిములు సాధారణంగా ముక్క పైభాగాన ఉంటాయి, నిప్పు మొదట తగిలేదీ అక్కడే. కీమా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. కబాబు నడిమధ్య ఇప్పుడు ఒకప్పటి పైభాగమే, వేడి చిట్టచివర చేరేది కూడా అక్కడికే. పైగా మా వైపు చాలా దుకాణాల్లో ఒకే యంత్రంలో చికెన్ కీమా, మటన్ కీమా ఒకదాని వెంట ఒకటి తీస్తారు, మధ్యలో కడగరు. అడిగితే "ఏం కాదమ్మా, పొయ్యి మీద పెడతారు కదా" అంటారు. మనమేమో పొయ్యి మీద పెట్టి రంగు చూసి దించుతాం! అందుకే నేను మటన్ కీమాకు 71తో ఆగను, అన్నిటికీ 74 చూస్తాను.

ఆ 57కూ 74కూ మధ్య తేడా చిన్నదనుకోవద్దు. కోడిమాంసంలో సాల్మొనెల్లా క్రిములు 74 దగ్గర దాదాపు ఆ క్షణమే చస్తాయి. అదే 60 దగ్గరైతే దాదాపు అరగంట పాటు ఆ వేడి తగ్గకుండా నిలవాలి. కుంపటి మీద కబాబు ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు. అందుకే ఆ రోజు సీకులను మంట మీద నుంచి పక్కకు జరిపి, బొగ్గులు పలచగా ఉన్న చోట పెట్టి పైన గిన్నె బోర్లించాం. మంట మీదే ఉంచితే పైన మాడుతుంది, లోపల అలాగే ఉంటుంది. కాసేపటికి 66, తర్వాత 71, ఆపైన 75 చూపాక దించాం. ముందు 57 చూపినవీ తర్వాత 75 చూపినవీ పక్కపక్కన పెడితే లోపలి రంగులో మీరు తేడా పట్టలేరు. ఒక్క మాట, పచ్చిగా ఉన్నదాంట్లో గుచ్చిన సూదిని కడగకుండా ఉడికినదాంట్లో గుచ్చకండి.

థర్మామీటర్ కొనేటప్పుడు సన్నటి సూది ఉన్న డిజిటల్‌ది తీసుకోండి. కరోనా రోజుల్లో నుదుటికి చూపించిన తుపాకీ లాంటిది వద్దు, అది పైభాగం వేడి మాత్రమే చెబుతుంది. కొన్నదాన్ని పరీక్షించడం తేలిక. గ్లాసు నిండా పగలగొట్టిన మంచు ముక్కలు వేసి, అవి మునిగేంత నీళ్లు పోసి కలిపి, సూది అడుగుకు తగలకుండా ముంచితే సున్నా చూపాలి. మరిగే నీళ్లలో మా హనుమకొండ ఎత్తుకు 99 చూపితే సరిగ్గా ఉన్నట్టే, 100 రాలేదని షాపువాడితో గొడవ పెట్టుకోకండి.

ఇక మిగిలిన కూర. నన్ను అడిగితే మన ఇళ్లలో అసలు జబ్బులు ఇక్కడే మొదలవుతాయి. దావత్ అయ్యాక పెద్ద గిన్నెలో సగం మటన్ కూర మిగులుతుంది. మూత పెట్టి గట్టు మీద వదిలేస్తారు, పొద్దున మరగబెడితే సరిపోతుందనుకుంటారు. మాంసం కూరలో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి ఉండొచ్చు. అది విత్తనం లాంటి రూపంలో మరిగే కూరను కూడా తట్టుకుంటుంది. లోతైన గిన్నెలో కూర గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే ఆ విత్తనాలు మొలకెత్తి విపరీతంగా పెరుగుతాయి. రంగు మారదు, వాసన రాదు, రుచి కూడా పోదు. అందుకే దసరా రాత్రి నేను మటన్ కూరను వెడల్పాటి పళ్లాల్లో రెండు వేళ్ల లోతుకు మించకుండా పోసి, ఫ్యాన్ కింద ఆవిరి పోగానే ఫ్రిజ్‌లోకి చేర్చాను. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లోపు దిగాలి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5కి చేరాలి. లోతు గిన్నెలో ఇది జరిగే పని కాదు.

మర్నాడు పొద్దున మా వదిన అదే కూరను గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. అంచుల్లో బుడగలు రాగానే "మరిగింది, దించనా?" అంది. మధ్యలో ఒక పెద్ద ముక్కలో సూది గుచ్చితే 43. అంచున మరుగుతున్న కూర నడుమ ముక్క లోపల ఫ్రిజ్ చల్లదనం ఇంకా పోలేదు. అడుగు నుంచి కలిపి, మూత పెట్టి, మళ్లీ కలిపి, ముక్క లోపల 74 దాటాక వడ్డించాం. మైక్రోవేవ్‌లోనూ ఇంతే. మధ్యలో ఆపి కలపాలి, ఒక నిమిషం ఆగాక రెండు మూడు చోట్ల చూడాలి.

రాత్రంతా గట్టు మీద ఉన్న కూరకు మాత్రం నా దగ్గర అంకె లేదు. స్టెఫిలోకాకస్ లాంటి కొన్ని క్రిములు పెరుగుతూ వదిలిన విషం మరిగించినా విరగదు. క్రిమి చస్తుంది, విషం కూరలోనే ఉంటుంది. థర్మామీటర్ 90 చూపినా అది పారబోయాల్సిన కూరే. మా ఇంటి నుంచి చుట్టాలకు కూర కట్టిస్తే ఫ్రిజ్‌లోని పళ్లెం నుంచే కట్టిస్తాను, బయటి గిన్నె నుంచి కట్టివ్వను. అడిగి లేదనిపించుకున్నవారికి కోపం వస్తుంది. రానివ్వండి.